పాన్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పుట్టినరోజు: ఆగిపోయిన రిఫండ్‌ను రప్పించుకోవడం ఎలా

జులై వచ్చిందంటే మా ఊళ్లో నా బల్ల ముందు రెండు రకాల మనుషులు కూర్చుంటారు. రిటర్న్ వేయించుకోవడానికి వచ్చేవాళ్లు కొందరు. వేశాక ఓటీపీ రాలేదనో, రిఫండ్ పడలేదనో మళ్లీ వచ్చేవాళ్లు కొందరు. ఈ రెండో రకంలో ఎక్కువమంది రిటర్న్‌లో లెక్కలు సరిగ్గానే ఉంటాయి. తేడా అంతా కాగితాల మీద పేరులోనో, పుట్టిన తేదీలోనో ఉంటుంది. మన తెలుగువాళ్లకు ఇది మరీ ఎక్కువ. ఇంటిపేరు ముందు రాస్తాం, దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తాం, సుబ్బారావును ఒకచోట కలిపి, ఇంకోచోట విడదీసి రాస్తాం. ఇక పుట్టినరోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్దవాళ్లలో చాలామందికి బడిలో చేర్పించిన రోజు మాస్టారు వేసిన తేదీయే పుట్టినరోజు.

2025లో నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ గారి కేసు పట్టుకుని ఇదంతా చెబుతాను. ఆయన పేరు, వివరాలు మార్చాను. పేరు కొల్లి వెంకట సుబ్బారావు అనుకుందాం. నెలకు 35,000 పెన్షన్. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకున్నారు. 2024-25లో దాని మీద 1,20,000 వడ్డీ వచ్చింది. పెన్షన్, వడ్డీ కలిపినా కొత్త పద్ధతిలో ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. బ్యాంకు మాత్రం 24,000 కోసేసింది.

"బాబూ, పది శాతం కదా కోయాలి? వడ్డీ లక్షా ఇరవై వేలైతే పన్నెండు వేలు పోవాలి. పైగా వడ్డీలో పన్ను కోయొద్దని 15హెచ్ ఫారం కూడా ఇచ్చాను" అన్నారు మాస్టారు.

పాన్ పనిచేయని స్థితిలో ఉంటే 15హెచ్ చెల్లదు, కోత 20 శాతం అవుతుంది. అక్కడే నాకు అర్థమైంది, ఆయన పాన్ ఆధార్‌తో లింక్ కాలేదని. 2023 జులై 1 నుంచి లింక్ కాని పాన్‌లు ఇనాపరేటివ్ అయిపోయాయి. అలాంటి పాన్‌తో రిటర్న్ వేయొచ్చు కానీ రిఫండ్ విడుదల చేయరు. పాన్ అలా ఉన్నన్నాళ్లకు రిఫండ్ మీద వడ్డీ కూడా ఇవ్వరు.

ఎక్కడెక్కడ పోల్చి చూస్తారో ముందు తెలుసుకోండి

"పేరు కలవలేదు" అనగానే అందరూ చేసే పని పాన్ కార్డు దిద్దుబాటుకు పరిగెత్తడం. చాలాసార్లు అది తప్పు దారి. నిజానికి పోలిక రెండు వేర్వేరు చోట్ల జరుగుతుంది. రెండు చోట్లా చూసేది ఒకటి కాదు.

మొదటిది పాన్‌కూ ఆధార్‌కూ మధ్య. ఇక్కడ పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది అచ్చంగా కలవాలి, ఒక్క రోజు తేడా ఉన్నా ఒప్పుకోదు. పేరు విషయంలో మాత్రం కొంచెం ఉదారం. స్పెల్లింగులో చిన్న తేడా ఉంటే ఆధార్ మొబైల్‌కు ఓటీపీ పంపి సరిపెడుతుంది. పేరు పూర్తిగా వేరైతేనే లింక్ విఫలమవుతుంది. ఈ లింక్ లేకపోతే ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫికేషన్, అంటే వేసిన రిటర్న్ మనదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం, జరగదు.

రెండోది పాన్‌కూ బ్యాంకు ఖాతాకూ మధ్య. ఇక్కడ చూసేవి పాన్ నంబరు ఆ ఖాతాకు ఎక్కిందా, బ్యాంకులో ఉన్న పేరు పాన్‌లోని పేరుతో కలుస్తోందా అన్నవి. ఇందులో తేలకపోతే ఖాతా వ్యాలిడేట్ కాదు. వ్యాలిడేట్ కాని ఖాతాలోకి రిఫండ్ రాదు, రిటర్న్‌ను వెరిఫై చేయడానికి వాడే ఈవీసీ కోడ్‌ను ఆ ఖాతా ద్వారా తెప్పించుకోవడమూ కుదరదు.

అంటే ఓటీపీ దగ్గర ఆగితే మొదటి జత, ఖాతా దగ్గర ఆగితే రెండో జత చూడాలి. మాస్టారి దురదృష్టం, రెండూ చెడిపోయాయి.

మూడు కాగితాలు పక్కపక్కన పెట్టండి

కంప్యూటర్ తెరవక ముందే ఒక తెల్లకాగితం మీద మూడు వరుసలు గీయండి. ఒక్కోదాంట్లో పేరును ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలతో సహా ఉన్నదున్నట్టు రాయండి. మనసులో ఉన్నట్టు కాదు, కార్డు మీద ఉన్నట్టు. మాస్టారి కాగితం ఇలా తేలింది.

```
PAN      VENKATA SUBBA RAO KOLLI    01/07/1960
AADHAAR  Kolli Venkata Subba Rao    01/01/1960
BANK     K V SUBBARAO               01/07/1960
```

కార్డు మీద ఉన్నది చూస్తే చాలదు, పన్ను శాఖ దగ్గర ఉన్నది కూడా చూడాలి. పాత కార్డు జేబులో ఉండి, రికార్డులో వేరే వివరం ఉన్న సందర్భాలు ఉంటాయి. దీనికి ఈ-ఫైలింగ్ సైటు `www.incometax.gov.in` మొదటి పేజీలో `Verify PAN Status` అనే లింకు ఉంది. లాగిన్ అక్కర్లేదు. పాన్, పూర్తి పేరు, పుట్టిన తేదీ, మొబైల్ ఇచ్చి ఓటీపీ కొడితే, మీరిచ్చిన పేరూ తేదీ వాళ్ల రికార్డుతో కలిశాయో లేదో చెబుతుంది. ఒకసారి కలవలేదంటే పేరును ఇంకో వరుసలో ఇచ్చి చూడండి.

ఇంటిపేరు దగ్గర గందరగోళం ఉంటే ఒక చిట్కా. పాన్ నంబరులో ఐదో అక్షరం చూడండి. వ్యక్తుల పాన్‌లో నాలుగో అక్షరం `P` ఉంటుంది, ఐదోది ఆ దరఖాస్తులో ఇంటిపేరుగా రాసిన మాటలోని మొదటి అక్షరం. మాస్టారి పాన్‌లో అక్కడ `K` ఉంది కాబట్టి కొల్లినే ఇంటిపేరుగా తీసుకున్నారు. అదే `R` ఉంటే, ఫారం నింపినవాడు చివరి మాట కదా అని రావును ఇంటిపేరు గడిలో రాసేశాడని అర్థం. ఈ-ఫైలింగ్‌లో కొత్తగా రిజిస్టర్ చేసుకునేటప్పుడు అడిగే చోట మీ ఇంటిపేరు ఎంత కొట్టినా తీసుకోకపోతే, ఆ ఐదో అక్షరంతో మొదలయ్యే మాట కొట్టి చూడండి. నా దగ్గర అలా తెరుచుకున్నవి చాలానే ఉన్నాయి. తర్వాత పేరు దిద్దుకున్నా పాన్ నంబరు మారదు కాబట్టి, ఆ అక్షరం పాతదే ఉండిపోతుంది. దానివల్ల నష్టం లేదు.

దేన్ని మార్చాలి?

పాన్, ఆధార్ రెండింట్లో ఏది తప్పయితే దాన్ని మార్చాలి అనడం తేలిక. మన పెద్దవాళ్ల విషయంలో ఏ తేదీ అసలుదో దేవుడికే తెలియాలి. నేను చూసేది ఒక్కటే. పదో తరగతి సర్టిఫికెట్, సర్వీసు రిజిస్టర్, పెన్షన్ కాగితం, పాస్‌పోర్టు, వీటిలో ఎక్కువ వాటిలో ఏది ఉందో అదే ఉంచండి. ఒంటరిగా మిగిలినదాన్ని మార్చండి.

మాస్టారి పదో తరగతి సర్టిఫికెట్‌లో, సర్వీసు రిజిస్టర్‌లో, పెన్షన్ ఆర్డరులో, పాన్‌లో అన్నిట్లో 01/07/1960. జులై ఒకటి అనగానే నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో ఊళ్లో సగం మంది జులై ఒకటినే పుట్టారు. ఆధార్‌లో మాత్రం 01/01/1960 ఉంది. ఎలా వచ్చిందని అడిగితే, "ఎన్‌రోల్‌మెంటుకి బడికొచ్చారు బాబూ. నేను క్లాసులో ఉన్నాను. ఏ సంవత్సరం మాస్టారూ అని అడిగాడు, అరవై అన్నాను" అన్నారు. కాగితం చూపించకుండా సంవత్సరం మాత్రం చెబితే జనవరి ఒకటి పడుతుంది. మార్చాల్సింది ఆధార్ అని అలా తేలింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆధార్‌లో పుట్టిన తేదీని జీవితంలో ఒక్కసారే మార్చనిస్తారు, పేరును రెండుసార్లు. ఆ అవకాశం వాడేశాక మళ్లీ మార్చాలంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేసి, ప్రాంతీయ కార్యాలయం దాకా వెళ్లి, ఎందుకు మార్చాలో ఒప్పించాల్సి ఉంటుంది. కాబట్టి పాన్‌తో కలవాలని తొందరపడి ఆధార్‌లో తప్పుడు తేదీ వేయించుకోవద్దు. రేపు పెన్షన్ దగ్గరో, పాస్‌పోర్టు దగ్గరో అది మళ్లీ తగులుతుంది.

ముందు గడియారం ఆపండి: 30 రోజుల సంగతి

దిద్దుబాట్లకు వారాలు పడతాయి. రిటర్న్ వేసిన రోజు నుంచి వెరిఫికేషన్‌కు ఉన్నది 30 రోజులే. అది దాటి వెరిఫై చేస్తే, వెరిఫై చేసిన రోజునే రిటర్న్ వేసినట్టు లెక్కేస్తారు. గడువు తేదీ అప్పటికి దాటిపోయి ఉంటే ఆలస్య రుసుము పడుతుంది. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000 వరకు, పైనైతే 5,000. అసలు వెరిఫై చేయకపోతే రిటర్న్ వేయనట్టే.

అందుకే ఆధార్ ఓటీపీ పనిచేయకపోతే దానితో కుస్తీ పట్టకుండా, ముందు వేరే దారిలో వెరిఫై చేసేయాలి. నెట్‌బ్యాంకింగ్ ఉండి, ఆ ఖాతాకు పాన్ ఎక్కి ఉంటే బ్యాంకు సైటులోంచే ఈ-ఫైలింగ్‌లోకి వెళ్లి వెరిఫై చేయొచ్చు. డీమ్యాట్ ఖాతా వ్యాలిడేట్ అయి ఉంటే దానితోనూ కుదురుతుంది. మాస్టారికి ఇవేవీ లేవు. అప్పుడు మిగిలేది కాగితం దారి. అది ఇప్పటికీ ఉందని చాలామందికి తెలియదు.

రిటర్న్ వేశాక ఐటీఆర్-వి అనే ఒక పేజీ డౌన్‌లోడ్ అవుతుంది. దాన్ని శుభ్రంగా ప్రింట్ తీసి, నీలం సిరాతో సంతకం పెట్టి, స్పీడ్ పోస్టులో ఈ చిరునామాకు పంపాలి.

```
Centralized Processing Centre
Income Tax Department
Bengaluru 560500
Karnataka
```

కవరులో ఇంకే కాగితమూ పెట్టొద్దు. బార్‌కోడ్ మీద మడత, సంతకం పడకూడదు. మీరు పోస్టు చేసిన తేదీ కాదు, అక్కడికి చేరిన తేదీ చూస్తారు. అందుకని ఇరవై తొమ్మిదో రోజున పోస్టాఫీసుకి వెళ్తే లాభం లేదు. మాస్టారి రిటర్న్ జులై 21న వేశాం, కవరు 24న స్పీడ్ పోస్టులో వెళ్లింది. ఆగస్టు మొదటి వారంలో అందిందని మెయిల్ వచ్చింది. ఆ రోజుతో నా టెన్షన్ సగం తగ్గింది.

30 రోజులు ఇప్పటికే దాటిపోయినవాళ్లు లాగిన్ అయి `Services` కింద `Condonation Request` లో ఆలస్యానికి కారణం రాసి అనుమతి కోరవచ్చు. పేరు, తేదీ కలవక ఆగిందన్నది రాసి, ఆధార్ దిద్దుబాటు రసీదు లాంటిది దగ్గర ఉంచుకోండి.

ఆధార్‌ను దిద్దించడం

పుట్టిన తేదీకి ఆధార్ సెంటరుకు మనిషే వెళ్లాలి. ఏ కాగితం తీసుకెళ్లాలన్నదే అసలు మెలిక. మాస్టారు పదో తరగతి సర్టిఫికెట్ లామినేషన్ చేయించినది గర్వంగా తెచ్చారు. అందులో పేరు `K. VENKATA SUBBA RAO` అని ఉంది. ఆధార్‌లో ఉన్నది పూర్తి ఇంటిపేరుతో. తేదీ మార్చడానికి ఇచ్చే రుజువులో పేరు ఆధార్‌లోని పేరుతో కలవకపోతే వెనక్కి కొట్టే ప్రమాదం ఉంది. మొదటి సెంటరులో తీసుకోలేదు కూడా.

పెన్షన్ పేమెంట్ ఆర్డరు పనికొచ్చింది. అందులో ఫొటో, పూర్తి పేరు, పుట్టిన తేదీ మూడూ ఉన్నాయి. పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అంతకంటే మంచి కాగితం లేదు. జిరాక్సుతో పాటు అసలు కాగితం కూడా తీసుకెళ్లాలి.

సెంటరులో ఆపరేటర్ వివరాలు కొట్టాక మీ వైపు తిప్పిన స్క్రీన్ మీద చూడమంటాడు. అక్కడ వేలిముద్ర వేయడానికి తొందరపడకండి. కళ్లద్దాలు పెట్టుకుని రోజు, నెల, సంవత్సరం వేలుపెట్టి చదవండి. కింద తెలుగులో పడే పేరు కూడా చూడండి. ఇంగ్లీషు నుంచి దానంతటది మారేటప్పుడు కొల్లి కాస్తా కోల్లి అయిపోతుంది. పాన్‌తో పోలికలో తెలుగు పేరు పట్టించుకోరు గానీ, మళ్లీ ఇంకో రోజు దానికోసం తిరగాల్సి వస్తుంది. ఇచ్చిన రసీదులో కూడా అదే చదువుకుని బయటికి రండి. రసీదు మీది నంబరుతో `myaadhaar.uidai.gov.in` లో పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు.

అప్పట్లో ఈ పనికి 50 రూపాయలు. 2025 అక్టోబరు 1 నుంచి 75. అంతకంటే ఎక్కువ అడిగితే రసీదు అడగండి. మాస్టారిది పన్నెండు రోజుల్లో మారింది.

తప్పు పాన్‌లోనే ఉంటే

మాస్టారికి ఈ అవసరం రాలేదు కానీ, పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు, పాన్‌లో ఇంటిపేరు అక్షరం తప్పు పడినవాళ్లకు తప్పక వస్తుంది. పాన్ దిద్దుబాటు చేసేది రెండు సంస్థలు, ప్రొటీన్, యూటీఐఐటీఎస్‌ఎల్. పాత పాన్ ఏ సంస్థ ఇచ్చిందో ఆ సైటులోనే వెళ్తే గొడవ తక్కువ. కార్డు ఇంటికి రావాలంటే 107 రూపాయల దాకా అవుతుంది.

ఈ ఫారంలో అందరూ పడే గుంట ఒకటుంది. ప్రతి గడికీ ఎడమ పక్కన చిన్న టిక్కు పెట్టె ఉంటుంది. మార్చాలనుకున్న వివరం గడిలో సరిగ్గా రాసి, ఆ టిక్కు పెట్టకపోతే మార్పు జరగదు. డబ్బు కట్టి, రెండు వారాలు ఆగి, పాత పేరుతోనే కొత్త కార్డు అందుకున్నవాళ్లను చూశాను. రెండో గుంట: ఇంటిపేరు గడిలో మీ ఇంటిపేరే రాయాలి, పొడి అక్షరాలు రాయకూడదు. సొంత పేరు మొదటి గడిలోకి వెళ్లాలి. కార్డు మీద ఇంటిపేరు చివర వస్తుందని కంగారు పడొద్దు, అది వాళ్ల వరుస. పెళ్లయినవాళ్లు కూడా తండ్రి పేరు గడిలో భర్త పేరు రాయకూడదు.

కాగితాలు పంపకుండా ఆధార్ ఈ-కేవైసీతో చేసే దారి త్వరగా అవుతుంది. కాకపోతే అందులో వివరాలన్నీ ఆధార్‌లో ఉన్నట్టే పడతాయి, ఫొటో కూడా ఆధార్‌దే. ఆధార్ సరిగ్గా ఉన్నవాళ్లే అటు వెళ్లాలి. ఆధార్, పాన్ రెండూ తప్పయితే ముందు ఆధార్, అది మారాకే పాన్. రెండింటికీ ఒకే రోజు దరఖాస్తు పెడితే, పాన్‌వాళ్లు పాత ఆధార్‌తో పోల్చి వెనక్కి పంపుతారు.

ఇంటిపేరు పెళ్లితో మారితే మ్యారేజ్ సర్టిఫికెట్, లేదా భర్త పేరున్న పాస్‌పోర్టు, లేదా గెజెట్ ప్రకటన రుజువుగా ఇస్తారు. అయినా నా మాట ఒకటి. పాన్, ఆధార్ పుట్టింటి పేరుతో ఎప్పుడో లింక్ అయిపోయి, బ్యాంకులో కూడా అదే పేరుంటే, పెళ్లయిందని మూడింటినీ కదపాల్సిన అవసరం పన్ను వరకూ లేదు. నడుస్తున్నదాన్ని సగం మార్చి ఆపేస్తేనే చిక్కు.

విదేశాల్లో ఉన్న పిల్లల విషయం వేరు. ఎన్ఆర్ఐలకు ఆధార్ లింక్ తప్పనిసరి కాదు. వాళ్ల పాన్ ఇనాపరేటివ్ అని చూపిస్తుంటే, అది పేరు తేడా కాదు, వాళ్లు ఎన్ఆర్ఐ అన్న సంగతి శాఖ రికార్డులో లేకపోవడం. తమ అసెసింగ్ ఆఫీసరుకు పాస్‌పోర్టు ఆధారాలతో తెలియజేయాలి.

లింక్ చేయడం, వెయ్యి రూపాయల దగ్గర

ఆధార్ మారాక ఆగస్టు 11న లింకింగ్‌కి కూర్చున్నాం. గడువు దాటినవాళ్లకు 1,000 రూపాయల రుసుము ఉంది. ఈ-ఫైలింగ్‌లో `e-Pay Tax` నుంచి కట్టాలి. చెల్లింపు రకం దగ్గర `Other Receipts (500)` ఎంచుకుని, అందులో పాన్-ఆధార్ లింక్ ఆలస్య రుసుము అన్నది తీసుకోవాలి. పొరపాటున మామూలు పన్ను చెల్లింపు కింద కడితే లింకింగ్‌కి లెక్కకు రాదు.

కట్టిన డబ్బు సిస్టంలోకి ఎక్కాక `Link Aadhaar` లోకి వెళ్లి పాన్, ఆధార్ నంబరు, ఆధార్‌లో ఉన్న పేరు ఉన్నట్టు కొట్టాలి. పాన్‌లో ఉన్నట్టు కాదు. అక్కడ `I have only year of birth in Aadhaar card` అని ఒక టిక్కు ఉంటుంది. కార్డు మీద నిజంగా సంవత్సరం ఒక్కటే అచ్చయి ఉన్నవాళ్లే పెట్టాలి. మాస్టారి లాగా జనవరి ఒకటి అని పూర్తి తేదీ ఉన్నవాళ్లు అది పెట్టి సరిపోతుందనుకుంటే కుదరదు.

రుసుము కట్టేశాక తేడా బయటపడి లింక్ విఫలమైతే వెయ్యి పోయినట్టు కాదు. వివరాలు దిద్దుకుని మళ్లీ ప్రయత్నిస్తే అదే చెల్లింపు పనికొస్తుంది, మళ్లీ కట్టక్కర్లేదు. ఎంత దిద్దినా కలవని కేసులకు పాన్ సంస్థల ప్రత్యేక కేంద్రాల్లో వేలిముద్రతో లింక్ చేసే ఏర్పాటు ఉంది.

లింక్ అయిన వెంటనే పాన్ మేలుకోదు, 30 రోజుల దాకా పడుతుంది. మాస్టారిది సెప్టెంబరు మధ్యలో తిరిగి పనిచేయడం మొదలైంది.

బ్యాంకు వంతు

ఈలోగా బ్యాంకు పని చేయించాం. ఈ-ఫైలింగ్‌లో `My Profile` కింద `My Bank Account` చూస్తే, ఖాతా పక్కన `Validation Failed` అని, ఎందుకో చెప్పే ఒక వాక్యం ఉంటాయి. అది చదవకుండా పదిసార్లు మళ్లీ నొక్కడం వల్ల ఉపయోగం లేదు. పేరు కలవలేదంటే ఒక పని, పాన్ ఎక్కలేదంటే ఇంకో పని.

మాస్టారి ఖాతాలో పేరు `K V SUBBARAO`. బ్రాంచికి వెళ్లి, "పాస్‌బుక్ మీద కాదండీ, నా కస్టమర్ ఐడీలో పేరు పాన్‌లో ఉన్నట్టు మార్చండి" అని అడగమన్నాను. ఇది ముఖ్యం. పాస్‌బుక్‌లో కొత్త పేరు ప్రింటయి, లోపల కస్టమర్ వివరాల్లో పాతదే ఉండిపోవడం మామూలే. పాన్, ఆధార్ జిరాక్సులతో కేవైసీ ఫారం ఇచ్చి, పాన్ కూడా ఎక్కిందా అని స్క్రీన్ మీద చూపించమని అడగాలి. బ్రాంచిలో మారాక సైటులో దానంతటది మారదు. మళ్లీ మనమే `Revalidate` నొక్కాలి. ఫలితం రావడానికి పది పన్నెండు పనిదినాలు పట్టొచ్చు.

పేరు సరిగ్గానే ఉన్నా అదే స్క్రీన్ మీద ఖాతా విఫలమయ్యే కారణం ఇంకోటి ఉంది, పాత ఐఎఫ్ఎస్‌సీ. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల గ్రామీణ బ్యాంకులూ కలిశాయి. అప్పటి పాత కోడ్‌తో ఖాతా చేర్చి ఉంటే పేరును ఎంత దిద్దినా వ్యాలిడేట్ కాదు. ముందు కోడ్ చూసుకుని, తర్వాత పేరు మీద అనుమానపడండి.

పాన్ ఇనాపరేటివ్‌గా ఉన్నప్పుడు ఖాతా కలిసినా రిఫండ్ మీద ఆంక్ష ఉన్నట్టు చూపిస్తుంది. అది బ్యాంకు తప్పు కాదు. పాన్ మేలుకున్నాక మళ్లీ చూడండి.

చివరి నొక్కు: రిఫండ్ రీఇష్యూ

మాస్టారి రిటర్న్ సెప్టెంబరు మొదట్లోనే ప్రాసెస్ అయింది. రిఫండ్ 24,000 అని ఇంటిమేషన్ వచ్చింది కానీ డబ్బు పడలేదు, అప్పటికి పాన్ ఇంకా మేలుకోలేదు. ఇలా ఒకసారి విఫలమైన రిఫండ్ తప్పు సరిదిద్దినంత మాత్రాన తనంతట తాను రాదు. మళ్లీ పంపమని అడగాలి.

లాగిన్ అయి `Services` లో `Refund Reissue` తెరిచి, కొత్త అభ్యర్థన నొక్కితే విఫలమైన సంవత్సరం కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని, వ్యాలిడేట్ అయిన ఖాతాను టిక్కు పెట్టి, ఈ-వెరిఫై చేయాలి. సెప్టెంబరు చివరి వారంలో ఆ పని చేశాం. ఈసారి ఆధార్ ఓటీపీ అడిగాను. మాస్టారి ఫోను మోగింది. ఆయన ఒక్కో అంకె పైకి చదువుతుంటే నేను కొట్టాను, ఒప్పుకుంది. జులైలో ఒప్పుకోనిది అదే స్క్రీన్.

సైటు కదలనప్పుడు ఈ-ఫైలింగ్ హెల్ప్‌లైన్ 1800 103 0025. ఆధార్‌కు 1947, తెలుగులో కూడా మాట్లాడతారు. ఫోన్ చేసే ముందు ఆ తెల్లకాగితం ముందు పెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేది పేరూ పుట్టిన తేదీయే.

అక్టోబరు 14న డబ్బు పడింది. పాన్ పడుకున్నన్నాళ్లకు వడ్డీ రాలేదు, వెయ్యి రుసుము ఎటూ పోయింది. మర్నాడు మాస్టారు వచ్చి, జేబులోంచి ఇంకో ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టారు. వాళ్లావిడది. పుట్టిన తేదీ 01/01/1964.